లాభనష్టాలను మార్చే ఒక తేదీ

హైదరాబాద్‌లో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ ఉందనుకుందాం. మామూలు పనుల మీద ఖర్చులన్నీ పోను ఏడాదికి కోటి రూపాయలు మిగులుతుంది. ఈ ఏడాది ఆసుపత్రుల బిల్లింగ్ కోసం సొంత సాఫ్ట్‌వేర్ తయారీకి దిగి 1.80 కోట్లు ఖర్చు పెట్టింది. మిగిలింది కోటి, పెట్టింది 1.80 కోట్లు. 80 లక్షల నష్టం అనే ఎవరైనా చెబుతారు. కానీ అదే కంపెనీ 12 లక్షల లాభం చూపించవచ్చు. అందులో మోసమేమీ లేదు, నిబంధనలు ఒప్పుకునే లెక్కే అది. పన్నుల సంగతి ప్రస్తుతానికి పక్కన పెడదాం.

మన దేశంలో పెద్ద కంపెనీలకు ఇండ్ ఏఎస్ 38, మిగతా వాటికి ఏఎస్ 26 అనే అకౌంటింగ్ ప్రమాణాలున్నాయి. ఈ విషయంలో రెండూ ఒకే మాట చెబుతాయి. ఇంకా వెతుకులాటలో ఉన్న పని పరిశోధన. దానికైన ఖర్చు ఎప్పటికప్పుడు లాభనష్టాల ఖాతాలో పడిపోవాల్సిందే. ఏం తయారు చెయ్యాలో తేలిపోయి, చేతికి వస్తుందని రుజువయ్యాక జరిగేది డెవలప్‌మెంట్. అక్కడి నుంచి పెట్టిన సొమ్మును ఆస్తిగా బ్యాలెన్స్ షీట్‌లో చూపించి, ఆ సాఫ్ట్‌వేర్ పనికొచ్చినన్నాళ్లూ ఏటా కొంత చొప్పున ఖర్చు రాస్తారు.

మన కంపెనీ ఏప్రిల్ నుంచి జులై వరకు ఏ డేటాబేస్ వాడాలి, ఇన్సూరెన్స్ క్లెయిములను ఎలా కలపాలి అని ప్రయోగాలు చేసింది. దానికి 60 లక్షలైంది. జులై చివర్లో నమూనా పనిచేసింది, డైరెక్టర్ల బోర్డు డబ్బు మంజూరు చేసింది. ఆగస్టు 1 నుంచి జనవరి నెలాఖరు దాకా ప్రోగ్రామర్ల, టెస్టర్ల జీతాలకు 96 లక్షలైంది. ప్రకటనలకూ ఆసుపత్రి సిబ్బందికి శిక్షణకూ మరో 24 లక్షలు పోయాయి. శిక్షణ, ప్రచారం ఏ దశలో జరిగినా ఖర్చే, ఆస్తి కావు. ఫిబ్రవరి 1న సాఫ్ట్‌వేర్ వాడకానికి సిద్ధమైంది. నాలుగేళ్లు పనికొస్తుందనుకుంటే 96 లక్షలకు నెలకు 2 లక్షల చొప్పున, మార్చి దాకా 4 లక్షలే ఈ ఏటి ఖర్చు. 60, 24, 4 కలిపితే 88 లక్షలు. కోటిలోంచి తీసేస్తే 12 లక్షల లాభం.

బ్యాంకు ఖాతాకు మాత్రం ఈ తేడా తెలియదు. ఎలా రాసినా అక్కడ 80 లక్షలు తగ్గాయి. ఈ ఏడాది తప్పించుకున్న 92 లక్షలు కూడా ఎక్కడికీ పోవు, రాబోయే ఏళ్ల లాభాల్లోంచి తరుగుతాయి.

కాబట్టి ఇక్కడ అసలు బరువంతా ఆగస్టు 1 అనే తేదీ మీద ఉంది. అది జూన్ 1 అయితే దాదాపు మరో 30 లక్షలు ఆస్తిలోకి ఎక్కి, లాభం ఇంచుమించు ఆ మేరకు పెరిగేది. అందుకే ఆ తేదీని ఇష్టమొచ్చినట్టు పెట్టుకోనివ్వరు. సాంకేతికంగా సాధ్యమని, పూర్తి చేసే ఉద్దేశమూ వనరులూ ఉన్నాయని, వాడగలమో అమ్మగలమో, దాని వల్ల ఆదాయం ఎలా వస్తుందో, ఖర్చు నికరంగా ఎంతో చూపించాలి. వీటిలో ఒక్కటి తప్పినా ఆస్తి కాదు. ఎక్కువగా బెడిసికొట్టేది చివరిదే. ఒకే ప్రోగ్రామర్ పొద్దున పాత క్లయింటు బగ్ సరిచేసి, మధ్యాహ్నం కొత్త ప్రోడక్ట్ రాస్తాడు. అతని జీతంలో ఎంత దేనికో టైమ్‌షీట్లే చెప్పాలి. మార్చి నెలలో కూర్చుని ఏడాది మొత్తానికి ఒకేసారి నింపిన టైమ్‌షీట్లను ఏ ఆడిటరూ నమ్మడు, నమ్మకూడదు. రెండు వారాలకో విడత చొప్పున పని చేసే ఇప్పటి పద్ధతిలో ప్రయోగమూ నిర్మాణమూ కలిసిపోతాయి. విడదీయలేకపోతే మొత్తం పరిశోధన కిందే రాయాలన్నది నియమం. ఒకసారి ఖర్చుగా రాసిన దాన్ని, ప్రోడక్ట్ బాగా అమ్ముడైంది కదా అని తర్వాత ఆస్తిలోకి తెచ్చుకోవడమూ కుదరదు.

ఇంకా పూర్తికాని సాఫ్ట్‌వేర్ విలువ బ్యాలెన్స్ షీట్‌లో ‘ఇంటాంజిబుల్ అసెట్స్ అండర్ డెవలప్‌మెంట్’ అనే వరుసలో ఉంటుంది. అక్కడున్నంత కాలం ఏటా తరుగు రాయరు. చాలా కంపెనీల్లో చెడు వార్త దాక్కునే చోటు ఇదే. 2021 ఏప్రిల్ నుంచి కంపెనీల చట్టం షెడ్యూల్ 3 ప్రకారం ఆ సొమ్ములో ఏడాది లోపుది ఎంత, మూడేళ్లు దాటింది ఎంత అని వయసు వారీగా చూపించాలి. గడువు దాటినవీ అంచనా ఖర్చు మించినవీ ఎప్పటికి పూర్తవుతాయో కూడా చెప్పాలి.

ఏ సాఫ్ట్‌వేర్ కంపెనీ షేరైనా కొనే ముందు వార్షిక నివేదికలో ఆ పట్టిక వెతికి చూడండి. మూడేళ్లు దాటిన గడిలో పెద్ద మొత్తం కనిపిస్తే, దాన్ని రద్దు చేస్తే ఆ ఏడాది లాభం ఎంత మిగులుతుందో కాగితం మీద లెక్క వేసుకుని, ఆ తర్వాతే డబ్బు పెట్టండి.