చీరాల జనం వద్దన్న మునిసిపాలిటీ

1920 ప్రాంతంలో మద్రాసు ప్రభుత్వం చీరాల, పేరాల ఊళ్లను కలిపి మునిసిపాలిటీ చేసింది. నేతపని మీద బతికేవాళ్లు ఎక్కువగా ఉన్న ఆ ఊళ్లలో పన్నులు ఎన్నో రెట్లు పెరిగాయి. మాకిది వద్దని మొత్తుకున్నా ప్రభుత్వం వినలేదు. 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య మాట మీద జనం ఇళ్లు వదిలి, మునిసిపల్ హద్దు అవతల పాకలు వేసుకున్నారు. ఆ పాకల ఊరికి రామనగరమని పేరు పెట్టుకుని నెలల తరబడి అక్కడే కాపురాలు చేశారు.

స్వపరిపాలన అంటే జనం ఎందుకు పారిపోయారు? దాని పుట్టుకే అలాంటిది. 1857 తిరుగుబాటు తర్వాత ఖజానా చిక్కిపోయింది. అందుకే 1870లో మేయో రోడ్లు, బడులు, పారిశుధ్యం ఖర్చును స్థానిక పన్నుల మీదికి నెట్టాడు. 1882లో రిప్పన్ మాత్రం దీన్ని జనానికి రాజకీయ శిక్షణ అనుకున్నాడు. బోర్డుల్లో అధికారులు మూడో వంతుకు మించకూడదని, వీలైనచోట అధ్యక్షులు కూడా అనధికారులే కావాలని తీర్మానించాడు. ఆ వెంటే 1884 మద్రాసు చట్టంతో జిల్లా, తాలూకా బోర్డులు వచ్చాయి. కానీ జిల్లా బోర్డుకు అధ్యక్షుడు కలెక్టరే. పన్ను అందరిదీ, పెత్తనం ఆయనదీ.

స్వాతంత్ర్యం వచ్చాక ముసాయిదా రాజ్యాంగంలో పంచాయతీల ఊసే లేదు. గ్రామాలు సంకుచితత్వానికి, కులానికి నిలయాలన్న అంబేడ్కర్ అభ్యంతరం తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. చివరకు 40వ అధికరణం చేర్చారు గానీ అది ఆదేశిక సూత్రం, కోర్టులో అమలు చేయించుకోలేం. 1959లో రాజస్థాన్ వెంటే ఆంధ్రప్రదేశ్‌లోనూ పంచాయతీరాజ్ మొదలైంది. అయితే ఎన్నికలు పెట్టడం, వాయిదా వేయడం ప్రభుత్వాల చిత్తం.

ఆ చిత్తానికి కళ్లెం వేసింది 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చిన 73వ సవరణ. ఐదేళ్ల గడువు ముగిసేలోగా ఎన్నికలు జరగాలి. మధ్యలో రద్దు చేస్తే ఆరు నెలల్లోపు పెట్టాలి. వాటిని నిర్వహించేది రాష్ట్ర ఎన్నికల సంఘం. మహిళలకు కనీసం మూడో వంతు స్థానాలు, ఎస్సీ, ఎస్టీలకు జనాభాను బట్టి రిజర్వేషన్ వచ్చాయి. అంబేడ్కర్ భయానికి ఇది ఆలస్యంగా దొరికిన జవాబు.

పంచాయతీకి ఉనికి దొరికింది, అధికారం అంతగా దొరకలేదు. పదకొండో షెడ్యూలులో తాగునీరు, చిన్నతరహా సాగునీరు, ప్రాథమిక విద్య వంటి 29 విషయాలున్నాయి. వాటిని బదిలీ చేయవచ్చని 243-జి అంటుందే గానీ, చేసి తీరాలని అనదు. ఎన్నికల నిబంధనకూ గండి పడింది. ఆంధ్రప్రదేశ్‌లో 2018 ఆగస్టులో సర్పంచుల గడువు తీరితే, 2021 ఫిబ్రవరి దాకా ఎన్నికలు జరగలేదు. అన్నాళ్లూ ఊళ్లను ప్రత్యేకాధికారులు నడిపారు. పాలకవర్గం లేదని కేంద్ర ఆర్థిక సంఘం నిధులూ ఆగాయి.

ఈసారి గ్రామసభలో అడగండి: ఆ 29 విషయాల్లో మన పంచాయతీకి సిబ్బందితో, డబ్బుతో సహా అప్పజెప్పినవి ఎన్ని?