ఎనిమిది గడుల నడక

నేను గీసిన మొదటి పిక్సెల్ నడక చూసి మా తమ్ముడు, "అన్నయ్యా, వీడికి చలిజ్వరం ఏమైనా వచ్చిందా?" అన్నాడు. వాడి మాట నిజమే. తలపాగా చుట్టుకున్న ఒక కుర్రాడి బొమ్మ అది, ఎత్తు 28 పిక్సెళ్లు. ఎనిమిది బొమ్మలనూ విడివిడిగా చూస్తే ఒక్కదానికీ వంక పెట్టలేం. వరసగా ఆడిస్తే మాత్రం తల అటూ ఇటూ అదురుతోంది, కాళ్లు మంచు మీద ఉన్నట్టు జారుతున్నాయి. తప్పు గీతలో లేదు. లెక్క వేసుకోకుండా గీయడంలో ఉంది.

ముందు ఈ బొమ్మల్ని ఆట ఎలా వాడుకుంటుందో చూద్దాం. నడకలోని బొమ్మలన్నీ ఒకే చిత్రంలో, సమానమైన గడుల్లో పేర్చి ఇస్తాం. దాన్నే స్ప్రైట్ షీట్ అంటారు. మా కుర్రాడి గడి 32 పిక్సెళ్ల వెడల్పు, 32 ఎత్తు. ఎనిమిది గడులు ఒకే వరసలో పెడితే షీట్ 256 పిక్సెళ్ల వెడల్పు, 32 ఎత్తు అవుతుంది. ఆట ఒక గడిని కత్తిరించి తెర మీద పెడుతుంది, కాసేపయ్యాక అదే చోట పక్క గడిని పెడుతుంది. గడిలో కుర్రాడు ఎక్కడ నిలబడ్డాడో ఆటకు తెలియదు. అందుకే ఒక గడిలో కుర్రాడు ఒక్క పిక్సెల్ పక్కకు జరిగి ఉంటే తెర మీదా అంతే జరుగుతాడు. చిన్న బొమ్మని నాలుగు రెట్లు పెంచి చూపిస్తాం కాబట్టి ఆ తప్పూ నాలుగు రెట్లు పెరుగుతుంది.

ఎన్ని బొమ్మలు కావాలనేది మన ఇష్టం. 1985లో వచ్చిన సూపర్ మారియో బ్రదర్స్‌లో మారియో నడక మూడే బొమ్మలు. చాలా ఆర్‌పీజీ మేకర్ షీట్లలోనూ ఒక్కో దిక్కుకు మూడే ఉంటాయి, నడిమి బొమ్మని రెండుసార్లు వాడుకుంటారు. ఎనిమిది తీసుకుంటే ఒక్కో అడుగుకు నాలుగు భంగిమలు దొరుకుతాయి. ముందు కాలు నేలకు తగిలిన క్షణం మొదటిది. ఒంటి బరువు ఆ కాలి మీదకి దిగి మోకాలు కాస్త వంగడం రెండోది. వెనక కాలు నిలబడ్డ కాలిని దాటడం మూడోది. నిలబడ్డ కాలు నేలను తన్నుతుంటే ఒళ్లు పైకి లేవడం నాలుగోది. ఆ తర్వాత కాళ్లు మారి ఇవే నాలుగు మళ్లీ వస్తాయి.

ఇక గీయడానికి ముందు కాగితం మీద వేసుకోవలసిన లెక్క. మా కుర్రాడి కాలు పొడవు 10 పిక్సెళ్లు. కాలు తిన్నగా చాపి పాదం ముందుకు 6 పిక్సెళ్లు వేస్తే నడుము నేల నుంచి 8 పిక్సెళ్ల ఎత్తున ఉంటుంది. బళ్లో చదువుకున్న 6, 8, 10 త్రిభుజమే ఇది. వెనక కాలు కూడా 6 వెనక్కి ఉంటుంది కాబట్టి రెండు పాదాల మధ్య 12 పిక్సెళ్లు. అదే అడుగు. ముందు మోపిన పాదం ఆ 12 పిక్సెళ్లూ నాలుగు మార్పుల్లో వెనక్కి వెళ్లాలి. అంటే ఒక్కో ఫ్రేమ్‌కు సరిగ్గా 3.

నడక మొత్తానికి ఆయువుపట్టు ఈ 3. గడిలో పాదం 3 వెనక్కి వెళ్లినప్పుడు ఆటలో కుర్రాడు 3 ముందుకు కదిలితే, ఆ పాదం నేల మీద కదలకుండా నిలబడినట్టే. ఒక ఫ్రేమ్‌లో 2, ఇంకో ఫ్రేమ్‌లో 4 వెనక్కి వెళ్తే మొత్తం 12 కుదిరినా నడుమ పాదం జారుతుంది. నేను చేసింది అదే. ఈసారి గీయడానికి ముందే ఈ పట్టిక రాసుకున్నాను:

```
ఫ్రేమ్        1   2   3   4   5   6   7   8
కుడి పాదం   22  19  16  13  10  12  16  20
ఎడమ పాదం  10  12  16  20  22  19  16  13
కన్ను వరస     9  10   9   8   9  10   9   8
```

పాదాల అంకెలు గడి ఎడమ అంచు నుంచి లెక్క, కుర్రాడు కుడివైపు నడుస్తున్నాడు. కుడి పాదం 22 నుంచి 10 దాకా మూడేసి చొప్పున తగ్గుతోంది, అప్పుడది నేల మీద ఉంది. తర్వాత గాలిలో లేచి 10 నుంచి 22కి తిరిగొస్తుంది. గాలిలో ఉన్న పాదానికి ఆ కట్టుబాటు లేదు. మొదట మెల్లగా కదిలి, నడుమ వేగం అందుకుని, చివర్లో మళ్లీ మెల్లగా దిగితే సహజంగా ఉంటుంది. ఎడమ పాదం వరస కూడా ఇదే, నాలుగు ఫ్రేముల తేడాతో. చూసేవారికి దూరంగా ఉండే కాలికి ఒక ఛాయ ముదురు రంగు వేయాలి. లేకపోతే రెండు అడుగులూ ఒకేలా కనబడి, కుర్రాడు ఒంటికాలితో కుంటుతున్నట్టు ఉంటుంది.

చివరి వరస కంటి పిక్సెల్ పై అంచు నుంచి ఎన్నో వరసలో ఉందో చెబుతుంది. బరువు దిగినప్పుడు ఒక పిక్సెల్ కిందికి, ఒళ్లు లేచినప్పుడు ఒక పిక్సెల్ పైకి. ఏ రెండు పక్కపక్క ఫ్రేముల మధ్యా తేడా ఒకటికి మించలేదు, ఎనిమిదో దాని నుంచి మళ్లీ మొదటిదానికి వచ్చేటప్పుడు కూడా. కన్ను ఎడమ అంచు నుంచి ఎన్నో పిక్సెల్ అన్నది పట్టికలో రాయలేదు, ఎందుకంటే అన్ని ఫ్రేముల్లోనూ అది 18. ఒంటి ఊపు పైకీ కిందికీ మాత్రమే. పక్కకు కదిలిందంటే అది ఊపు కాదు, వణుకు.

ఇప్పుడు కాలం. మామూలు తెర సెకనుకు 60 సార్లు బొమ్మని తిరగరాస్తుంది. ఒక ఫ్రేమ్ తెర మీద ఉండే సమయం ఈ తిరగరాతల్లో పూర్ణ సంఖ్య అయితే నడక లయ నిలకడగా ఉంటుంది. 100 మిల్లీసెకన్లంటే సరిగ్గా ఆరు. 40 మిల్లీసెకన్లు పెడితే 2.4 అవుతుంది. తెర దగ్గర సగాలూ పావులూ చెల్లవు కాబట్టి ఒక ఫ్రేమ్ రెండు తిరగరాతలు ఉంటే ఇంకోటి మూడు ఉంటుంది. బొమ్మలన్నీ సరిగ్గా ఉన్నా నడక తడబడుతుంది. నేను 100 తీసుకున్నాను. ఎనిమిది ఫ్రేములకు 800 మిల్లీసెకన్లు, అందులో రెండు అడుగులు, అంటే 24 పిక్సెళ్లు. కుర్రాడి వేగం సెకనుకు 30 పిక్సెళ్లు. ప్రతి రెండు తిరగరాతలకు ఒక పిక్సెల్, ఎక్కడా హెచ్చుతగ్గులు లేవు.

వేగం, సమయం ఇలా ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయని తెలియక, మొదటిసారి ఆటలో వేగాన్ని 34 పెట్టాను. ప్రతి అడుగుకు పాదం 1.6 పిక్సెళ్లు జారింది. తర్వాత గడియారాన్ని వదిలేసి, నడిచిన దూరాన్ని బట్టి ఫ్రేమ్‌ను ఎంచుకునే పద్ధతికి మారాను:

```
frame = floor(distance / 3) % 8
source_x = frame * 32
```

కుర్రాడు మూడు పిక్సెళ్లు నడిస్తే బొమ్మ మారుతుంది, నిలబడితే ఆగుతుంది. సెకనుకు 30 వేగంలో ఆ 100 మిల్లీసెకన్లు దానంతట అదే వస్తుంది. వేగం పెంచినా తగ్గించినా కాళ్లు దానికి తగ్గట్టే ఆడతాయి. సెకనుకు 144 సార్లు తిరగరాసే తెరల మీద కూడా పాదానికీ నేలకూ పొత్తు చెడదు.

ఇంతా చేసినా తల వణుకు పోలేదు. కారణం షీట్‌ను బయటికి తీసేటప్పుడు దొరికింది. నేను ఏస్‌ప్రైట్‌లో గీస్తాను. అందులో షీట్ తీసే చోట `Trim Cels` అని ఒక ఎంపిక ఉంది. బొమ్మ చుట్టూ ఖాళీని కోసేసి చోటు ఆదా చేయడం దాని పని. కాళ్లు చాపిన ఫ్రేమ్ వెడల్పుగా ఉంటుంది, కాళ్లు దాటే ఫ్రేమ్ సన్నగా ఉంటుంది. ఖాళీ కోశాక ఆట అన్నిటినీ ఎడమ అంచుకు చేర్చి పెట్టింది. పాదం ఎక్కడుంటే అంచు అక్కడ, దాన్ని బట్టి తల జరిగింది. ఎంత కోశామో చెప్పే వివరాల ఫైల్ కూడా షీట్‌తో తీసుకోవచ్చు, ఆట దాన్ని చదివితే ఇబ్బంది లేదు. నా ఆట చదవలేదు. టిక్కు తీసేశాను. ఎనిమిది గడుల్లో ఖాళీ పోతే పోయింది.

ఇంకో వణుకు షీట్‌లో కాదు, కెమెరాలో ఉంటుంది. కుర్రాడి స్థానం 100.6, కెమెరా అతనికి 80.2 వెనకాల, అంటే 20.4 దగ్గర ఉందనుకుందాం. రెంటినీ విడివిడిగా దగ్గరి పూర్ణ సంఖ్యకు మారిస్తే 101, 20. తెర మీద అతను 81వ పిక్సెల్‌లో ఉంటాడు. అంతకుముందు అతను 100 దగ్గర, కెమెరా 19.8 దగ్గర ఉన్నప్పుడు అదే లెక్క 80 ఇచ్చింది. అతనికీ కెమెరాకూ నడుమ దూరం మారలేదు, అయినా బొమ్మ ముందుకూ వెనక్కూ వణుకుతుంది. ముందు కుర్రాడి స్థానాన్ని పూర్ణ సంఖ్య చేసి, దాని నుంచి కెమెరాను లెక్కగడితే ఇది పోతుంది. వెనక్కి తిరిగినప్పుడు బొమ్మని అద్దంలోలా తిప్పేవారు ఇంకోటి చూసుకోవాలి. సున్నా నుంచి 31 వరకు లెక్కించే గడిలో ఒంటి నడిమి గీత 16లో ఉంటే, తిప్పాక అది 15కి పోతుంది. తిరిగిన ప్రతిసారీ ఒక పిక్సెల్ గెంతు. తిప్పినప్పుడు గడిని ఒక పిక్సెల్ సర్దితే సరి.

ఎలా కనిపెట్టాలి అంటే, నడక మొత్తాన్ని చూడకూడదు. కంటి పిక్సెల్ ఒక్కటే ఉంచి మిగతాదంతా దాచి ఆడించాలి. అది నిలువుగా పైకీ కిందికీ ఊగితే సరే. తర్వాత ఆటలో నేల మీద ఒక గీత గీసి, మోపిన పాదం ఆ గీతను వదులుతోందేమో చూడాలి.

అలా చూస్తే నా కుర్రాడి పాదం ఇప్పటికీ రెండు పిక్సెళ్లు కదులుతుంది. ఒక బొమ్మ నిలిచి ఉన్న ఆరు తిరగరాతల్లో ఒళ్లు ముందుకు జరుగుతూ పాదాన్నీ మోసుకుపోతుంది, బొమ్మ మారగానే పాదం మళ్లీ తన చోటికి వస్తుంది. దీన్ని పూర్తిగా పోగొట్టాలంటే కుర్రాడిని కూడా మూడేసి పిక్సెళ్ల గెంతులతో కదపాలి. పాదం గోరంత కదలదు, కానీ ఒళ్లు సెకనుకు పదిసార్లు గెంతుతుంది. రెండూ పెట్టి మా తమ్ముడికి చూపించాను. గెంతేదాన్ని చూడగానే వేలు చూపించాడు. జారేదాన్ని చాలాసేపు చూసి, "తలపాగా బాగుంది" అన్నాడు. ఆ రెండు పిక్సెళ్లను అలాగే ఉంచేశాను.