ఎమ్మారై రోజు పాపాయికి పాలు ఎప్పుడు?

ఎమ్మారైలో బొమ్మలు వరుసలు వరుసలుగా వస్తాయి. ఒక్కో వరుసకు కొన్ని నిమిషాలు పడుతుంది. ఆ మధ్యలో పాపాయి తల తిప్పిందంటే ఆ వరుసంతా మసకబారుతుంది, మళ్లీ తీయాలి. మెదడు స్కాన్‌కు మొత్తం అరగంట పైనే కదలకుండా ఉండాలి. మూడు నెలల లోపు పిల్లలకైతే చాలాసార్లు మత్తు అక్కర్లేదు. కడుపు నిండి, వెచ్చగా చుట్టి పడుకోబెడితే వాళ్లే నిద్రపోతారు.

ఆరు వారాల బిడ్డకు ఫిట్స్ వచ్చాయని పదకొండింటికి స్కాన్ రాశారనుకుందాం. ఏడింటికి పాలు పట్టి, ఆ తర్వాత ఆపుతారు. దారిలో నిద్రపోనివ్వకుండా చూసుకుంటూ పదింటికల్లా ఆసుపత్రికి చేరాలి. వెండి మొలతాడు, మురుగులు, గజ్జెలు, పిన్నీసు, ప్రెస్ బటన్ల చొక్కా అన్నీ పాలకు ముందే తీసేయాలి. నిద్రపోయాక తీయబోతే లేచి కూర్చుంటుంది పని. పదింబావుకు తల్లి కడుపునిండా పాలిచ్చి, భుజాన వేసుకుని తేన్పు తెప్పిస్తుంది. యంత్రం చప్పుడు వంద డెసిబెల్స్ దాటవచ్చు కాబట్టి చెవుల్లో మెత్తటి బిరడాలు పెట్టి, పైన మఫ్‌లు తొడుగుతారు. కాలికి ఆక్సిజన్ చూసే సెన్సర్ కడతారు. తర్వాత దుప్పటిలో చుట్టి, చిన్న పూసలు నింపిన సంచిలో పడుకోబెట్టి, అందులోని గాలి లాగేస్తారు. సంచి బిడ్డ ఒంటి ఆకారానికి గట్టిపడి కదలనివ్వదు. ఛాతీ దగ్గర మాత్రం బిగించరు. ముఖ్యమైన బొమ్మలు ముందు తీస్తారు. మధ్యలో లేస్తే ఆపి, జోకొట్టి, మళ్లీ మొదలుపెడతారు.

ఒక్కోసారి ఎంత జోకొట్టినా నిద్ర పట్టదు. అప్పుడు "ఇప్పుడే మత్తిచ్చేయండి" అని అడగడం సహజమే, కానీ డాక్టర్లు ఒప్పుకోరు. మత్తులో దగ్గు, మింగుడు మందగిస్తాయి. పొట్టలోని పాలు పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. అందుకే అత్యవసరం కాకపోతే సాధారణంగా తల్లిపాలైతే 4 గంటలు, డబ్బా పాలైతే 6 గంటలు ఆగుతారు, లేదా ఇంకో రోజు రమ్మంటారు.

కాస్త పెద్ద పిల్లలకూ, ఎక్కువసేపు పట్టే స్కాన్లకూ మత్తు తప్పకపోవచ్చు. తాగించే సిరప్ ఉంది, ముక్కులో వేసే మందు ఉంది, నరానికి ఎక్కించేదీ ఉంది. ఏదైనా ఊపిరి మందగించే ప్రమాదం ఉంటుంది కాబట్టి స్కాన్ జరిగినంతసేపూ గుండె, ఆక్సిజన్ చూస్తూ ఒకరు ఉండాలి. నెలలు నిండకుండా పుట్టిన పసివాళ్లలో మత్తు దిగాక కూడా శ్వాస ఆగే ప్రమాదం ఉంది. వాళ్లను ఆ రాత్రి ఆసుపత్రిలోనే ఉంచుకోవచ్చు. జలుబు, దగ్గు ఉన్నా, నిద్రలో గురక వస్తున్నా దాచకుండా ముందే చెప్పండి. మత్తు సిరప్‌ను ఇంట్లోనే పట్టి బయలుదేరకండి. దారిలో శ్వాస ఆగితే చూసే నాథుడుండడు.

స్కాన్ తేదీ ఇచ్చినప్పుడే "పాలిచ్చి నిద్రపుచ్చి తీస్తారా, మత్తిచ్చి తీస్తారా? చివరి పాలు ఎన్ని గంటలకు?" అని అడిగి, ఆ టైము కాగితం మీద రాయించుకోండి.