ఆకుపచ్చ పడేసరికి ధర ఎక్కడుంది?

ట్రేడింగ్ యాప్‌లో ఏదైనా షేరు చార్ట్ తెరిచి, చార్ట్ రకం దగ్గర ‘హైకిన్ ఆషి’ ఎంచుకోండి. అప్పటిదాకా ఒకటి ఎరుపు, ఒకటి ఆకుపచ్చ, మళ్లీ రెండు ఎరుపుగా చిందరవందరగా ఉన్న క్యాండిళ్లు ఒక్కసారిగా వరసలో నిలబడతాయి. పది ఆకుపచ్చవి ఒక దండు, ఎనిమిది ఎరుపువి ఇంకో దండు. కొత్తగా చూసినవాళ్లకి ‘ఇంత సులువా!’ అనిపిస్తుంది. జపాన్‌లో పుట్టిన ఈ పద్ధతి గురించి 2004లో ‘టెక్నికల్ అనాలిసిస్ ఆఫ్ స్టాక్స్ అండ్ కమోడిటీస్’ పత్రికలో డాన్ వాల్కు రాశాక బయటివాళ్లకూ బాగా తెలిసింది. ఇప్పుడు దాదాపు ప్రతి చార్టింగ్ యాప్‌లోనూ ఉంది.

మామూలు క్యాండిల్ ఆ రోజు జరిగిందే చూపిస్తుంది. ఎంత దగ్గర మొదలైంది, ఎంత పైకి పోయింది, ఎంత కిందికి దిగింది, ఎక్కడ ముగిసింది, అంతే. హైకిన్ ఆషి క్యాండిల్‌కి ముగింపు అంటే ఈ నాలుగు ధరల సగటు. ఇక దాని ఓపెన్ ఆ ఉదయం ధర కాదు. నిన్నటి హైకిన్ ఆషి ఓపెన్, క్లోజ్‌ల నడిమి బిందువు. అసలు కిటుకు ఇక్కడే ఉంది. నిన్నటి ఓపెన్‌లో మొన్నటిది సగం, మొన్నటి దాంట్లో అటుమొన్నటిది సగం ఇమిడి ఉంటాయి. అంటే ఈ రోజు ఓపెన్ నిజానికి గడిచిన కొద్ది రోజుల ధరలు కలగలిసిన ఓ సగటు. ఈ రోజు సగటు ఆ పాత సగటుకన్నా పైనుంటే ఆకుపచ్చ, కింద ఉంటే ఎరుపు. మూవింగ్ యావరేజ్ గీతల గురించి విన్నవాళ్లకి ఇది పాత చుట్టమే. క్యాండిల్ వేషం వేసుకుని వచ్చిందంతే.

ఒక ఊహాజనిత షేరును పది రోజులు గమనిద్దాం. కొన్నాళ్లుగా పడుతూ వచ్చి, 1వ రోజు 486 దగ్గర ముగిసింది. 2వ రోజు 486తో మొదలై, కింద 482, పైన 496 చూసి, 494 దగ్గర ఆగింది. మామూలు చార్ట్‌లో చక్కటి ఆకుపచ్చ క్యాండిల్. హైకిన్ ఆషి మాత్రం ఇంకా ఎరుపే. ఎందుకంటే ఆ నాలుగు ధరల సగటు 489.50 కాగా, పడుతున్న రోజుల బరువు మోస్తున్న ఓపెన్ ఇంకా 498.50 దగ్గరుంది. 3వ రోజు ధర 503 దగ్గర ముగిశాక గానీ రంగు మారలేదు. ఆ మొదటి ఆకుపచ్చ క్యాండిల్‌కి కింద చిన్న వత్తి ఉంది. కింద వత్తి లేని ఆకుపచ్చ వస్తేనే ట్రెండ్ బలంగా ఉన్నట్టని ఈ పద్ధతి వాడేవాళ్లు అంటారు. అది 4వ రోజు వచ్చింది. అప్పటికి ధర 513.

486 నుంచి 513 దాకా, అంటే 27 రూపాయలు మనం లేకుండానే నడిచిపోయాయి.

దీనికి బదులుగా దక్కిందేమిటో 6వ రోజు తెలుస్తుంది. ముందురోజు 524కి చేరిన షేరు ఆ రోజు 525 దగ్గర మొదలై 517కి దిగింది. మామూలు చార్ట్‌లో పెద్ద ఎరుపు క్యాండిల్. చేతిలో లాభం ఉన్నవాడికి అమ్మేద్దామా అని గుండె కొట్టుకునేది ఇలాంటి రోజునే. హైకిన్ ఆషి ఆ ఒక్కరోజు కుదుపును పట్టించుకోలేదు. దాని ఓపెన్ 510.75, క్లోజ్ 521. ఆకుపచ్చే, కింద వత్తి కూడా లేదు. ట్రేడర్లు ‘నాయిస్ ఫిల్టర్’ అనేది ఈ పనినే. మర్నాడు షేరు 531కి, 8వ రోజు 542కి పోయింది.

అక్కడి నుంచి మళ్లింది. 9వ రోజు ధర 530కి పడినా చార్ట్ ఆకుపచ్చగానే ఉంది, కింద చిన్న వత్తి మాత్రం మొలిచింది. 10వ రోజు 518 దగ్గర ముగిసినప్పుడు ఎరుపు పడింది. లోపలికి వెళ్లేటప్పుడు జరిగిన ఆలస్యమే బయటికొచ్చేటప్పుడూ జరిగింది. ఈసారి ఖరీదు 24 రూపాయలు.

లెక్క చూడండి. షేరు 486 నుంచి 542కి, మొత్తం 56 రూపాయలు కదిలింది. రెండు చివర్లా పోయింది 51. మన ట్రేడర్‌కి మిగిలింది 5. డెలివరీ మీద కొన్నప్పుడూ అమ్మినప్పుడూ 0.1 శాతం చొప్పున పడే ఎస్‌టీటీకే అందులో రూపాయి పోతుంది. 494కి కొని, 6వ రోజు భయపడి 517కి అమ్మేసుకున్న మామూలు చార్ట్ మనిషికి 23 మిగిలాయి. అయితే అతను అంతకుముందు షేరు పడుతున్నన్నాళ్లూ మధ్యమధ్య కనిపించిన ప్రతి ఆకుపచ్చ క్యాండిల్‌కీ ఇలాగే ఎగబడి ఉంటాడు, అది కూడా కలుపుకోవాలి.

ఆలస్యం ఖరీదు టోల్‌గేటు లాంటిది. దాటాక పక్క ఊళ్లో దిగినా, రాజధాని దాకా పోయినా కట్టేది అంతే. షేరు రోజువారీ ఊగిసలాట ఎంతుంటే సుమారుగా ఆ స్థాయిలో ఈ 51 ఉంటుంది గానీ, పరుగు పొడుగైందని పెద్దగా పెరగదు. ఇదే షేరు ఇదే వేగంతో 200 రూపాయలు పెరిగి ఉంటే మిగిలేది 149కి దగ్గరగా. అందుకే ఈ చార్ట్ నచ్చిందని ప్రతి షేరు మీదా వాడటం నాకు అర్థంకాని పని. గతంలో ఆ షేరు పరుగులు సగటున ఎంత పొడవున్నాయో, రంగు మారేసరికి అందులో ఎంత భాగం అయిపోయిందో పాత చార్ట్ మీద కొలిచి చూస్తే చాలు, పనికొస్తుందో లేదో తెలిసిపోతుంది. ఒక గిరిలోనే అటూ ఇటూ తిరిగే షేరులో రంగు మారిన ప్రతిసారీ టోల్ కట్టడమే మిగులుతుంది.

ఆలస్యం తగ్గించాలని కొందరు రెండో ఆకుపచ్చ కోసం ఆగకుండా 503కే కొంటారు. పది రూపాయలు మిగులుతాయి, తప్పుడు మలుపులు ఎక్కువ తగులుతాయి. ఇంకొందరు వ్యతిరేక దిక్కులో పోయి, ధరల్ని ముందే మూవింగ్ యావరేజ్‌తో నునుపు చేసి, దాని మీద హైకిన్ ఆషి కట్టే ‘స్మూత్డ్’ రకం వాడతారు. చూడ్డానికి మరీ అందంగా ఉంటుంది. ఎంట్రీ మరీ వెనక్కి జరుగుతుంది.

ఆలస్యం కంటే మోసకారి సంగతి ఒకటుంది. ఈ క్యాండిల్ చూపించే ఓపెన్, క్లోజ్ మార్కెట్ ముగిసిన ధరలు కావు. 4వ రోజు క్యాండిల్ పై అంచు 508.50 అంటుంది, షేరు దొరికింది 513కి. దాని కింది అంచు 496.50, ఆ రోజు షేరు 502 కిందకి దిగనేలేదు. ఉదయం గ్యాప్‌తో తెరుచుకున్నా ఆ ఖాళీ ఇందులో కనిపించదు. కాబట్టి రంగు ఇక్కడ చూసినా, ఆర్డర్ ధర, స్టాప్‌లాస్ మామూలు చార్ట్ పక్కన పెట్టుకునే వేయాలి.

బ్యాక్‌టెస్ట్ చేసేవాళ్లు తరచూ బోల్తాపడేదీ ఇక్కడే. మన ఉదాహరణనే హైకిన్ ఆషి అంకెలతో నడిపితే 508.50కి కొని, 523.50కి అమ్మినట్టు రాసుకుంటుంది, లాభం 15 రూపాయలు. ట్రేడింగ్‌వ్యూలో స్ట్రాటజీ రాసేవాళ్లు దీనికోసమే `fill_orders_on_standard_ohlc` అనే అమరికను `true` చేస్తారు. అప్పుడు రంగు హైకిన్ ఆషిదే అయినా, కొనుగోలు అమ్మకాలు అసలు ధరలకు లెక్కకొస్తాయి. ఆ 15 కాస్తా 5 అవుతుంది.