పంట కోత ప్రయోగ పత్రాల్లో గడుల అంకెలను విలువలుగా కూర్చడం

క్షేత్రస్థాయి పత్రాల్లో ఒక్కొక్క అంకెకు ఒక్కొక్క గడి కేటాయించడం వల్ల చేతిరాతను చదవడం సులభమవుతుంది. అయితే చదివిన అంకెలను తిరిగి ఒకే విలువగా కూర్చేటప్పుడు ఖాళీ గడిని ఏమని భావించాలన్నదే అసలు చిక్కు.

పెద్దవూర మండలంలో వరి పంట కోత ప్రయోగాన్ని ఉదాహరణగా తీసుకుందాం. కోత కోసే క్షేత్రం 5 మీ. × 5 మీ., అంటే 25 చదరపు మీటర్లు; కనుక గింజల బరువును 400తో హెచ్చిస్తే హెక్టారు దిగుబడి వస్తుంది. పత్రంలో బరువుకు ఆరు గడులున్నాయనుకుందాం: మొదటి మూడు కిలోలకు, తర్వాతి మూడు గ్రాములకు. తూకం 12.450 కిలోలు. నమోదు చేసిన వ్యక్తి మొదటి గడిని, చివరి గడిని ఖాళీగా వదిలి 1, 2, 4, 5 అని మాత్రమే రాశారు. ఖాళీలను తొలగించి కూర్చితే 1245 వస్తుంది. చివరి మూడు అంకెలు గ్రాములు కనుక అది 1.245 కిలోలవుతుంది. హెక్టారుకు 4,980 కిలోలకు బదులు 498 కిలోలు నమోదవుతాయి.

పరిమితుల తనిఖీతో దీన్ని పట్టుకోవచ్చని చాలామంది భావిస్తారు. నీరందని ఏడాదిలో 498 కిలోలు కూడా నమ్మదగిన అంకే. నిజంగా పంట పోయిన మడికీ, ఒక గడి జారిన మడికీ తేడా ఆ సంఖ్యలో కనబడదు. అందుచేత ఖాళీని కూడా ఒక గుర్తుగా నిలుపుకొని, ఎడమవైపు ఖాళీలను మాత్రమే సున్నలుగా అంగీకరించాలి. మధ్యలో గానీ చివర గానీ ఖాళీ ఉంటే విలువ ఇవ్వకుండా పత్రాన్ని మనిషి పరిశీలనకు పంపాలి.

```
def join(boxes):            # "_" = ఖాళీ గడి
    s = "".join(boxes).lstrip("_")
    if not s.isdigit():
        return None
    return s.zfill(len(boxes))
```

దీనికి `_12450` ఇస్తే `012450` వస్తుంది. `_1245_` ఇస్తే `None` వస్తుంది. స్కానర్‌తో చదివేటప్పుడు గడి గీత కొన్నిసార్లు 1గా కనిపించి ఖాళీని దాచివేస్తుంది. గడులను లేత రంగులో ముద్రించి, స్కానింగులో ఆ రంగును తొలగించడం ఇందుకే.

విస్తీర్ణం విషయంలో ఖాళీలు లేకున్నా పొరపాటు జరుగుతుంది. నాలుగు గడుల్లో 0220 అని ఉంటే అది 2 ఎకరాల 20 గుంటలు. ఎకరానికి 40 గుంటలు గనుక దశాంశంలో 2.50 ఎకరాలు. దాన్ని 2.20గా చదివితే 12 గుంటల భూమి లెక్కలో మాయమవుతుంది! అందువల్ల నాలుగు అంకెలను ఒకే సంఖ్యగా మార్చకుండా రెండేసిగా విడదీసి, గుంటలను 40తో భాగించి ఎకరాలకు కలపాలి. గుంటల గడుల్లో 40 గానీ అంతకు మించి గానీ కనిపిస్తే, రాసినవారు దశాంశంలో రాశారని అనుమానించాలి. కానీ 0225 వంటి నమోదును ఈ తనిఖీ ఆపలేదు. 25 గుంటలా, పావు ఎకరమా అన్నది పాసు పుస్తకం చూసి తేల్చుకోవలసిందే.

గ్రామ సంకేతం, ఖాతా సంఖ్య వంటివి కొలతలు కావు. వాటిలో ఏ ఖాళీనీ సున్నగా పూరించరాదు. కూర్చిన తర్వాత కూడా వాటిని అక్షర రూపంలోనే ఉంచాలి; సంఖ్యగా మార్చితే ముందున్న సున్నలు పోతాయి. ఎక్సెల్‌లో అయితే 15 అంకెలు దాటిన ఖాతా సంఖ్య చివరి అంకెలు సున్నలుగా మారిపోతాయి.