ఒంటిగంటన్నరకి ఎవరు చెప్పాలి?

మా ఆఫీసులో గురువారం సాయంత్రం చేంజ్ అడ్వైజరీ బోర్డు కూర్చుంటుంది. అందరూ క్యాబ్ అంటారు. ఆ మాట విని ఏదో కారు అనుకున్నవాళ్లు మా ఇంట్లోనే ఉన్నారు. నడుస్తున్న సిస్టంలో ఎవరు ఏం మార్చాలన్నా అక్కడ ఒప్పించుకోవాలి. ఏం మారుస్తున్నారు, ఏ రాత్రి ఎన్నింటి నుంచి ఎన్నింటి దాకా, ఏం చెడొచ్చు, చెడితే పాత స్థితికి ఎలా తెస్తారు, ఇవన్నీ మినిట్స్‌లోకి ఎక్కుతాయి. నేనైతే ముందు ఆ చివరిదే చదువుతాను. దాన్ని రోల్‌బ్యాక్ అంటారు.

మొన్న ఒక డేటాబేస్ అప్‌గ్రేడ్ వచ్చింది. అడిగిన విండో శనివారం రాత్రి 11 నుంచి 3 దాకా. పనికి 2 గంటలు, పరీక్షకు 40 నిమిషాలు. రోల్‌బ్యాక్ దగ్గర "బ్యాకప్ రీస్టోర్ చేస్తాం" అని ఒక్క ముక్క రాశారు. ఎంతసేపు పడుతుందని అడిగితే లెక్క బయటపడింది. రీస్టోర్‌కి 70 నిమిషాలు, సరిచూసుకోవడానికి ఇంకో 20. అంటే 3 గంటలకు సిస్టం జనానికి అందాలంటే వెనక్కి వెళ్లాలా వద్దా అన్నది 1.30కే తేలిపోవాలి. పని 1 గంటకు గానీ పూర్తికాదు, పరీక్ష 1.40 దాకా సాగుతుంది. పది నిమిషాలు చాలవు! అందుకే 10.30కి మొదలుపెట్టమన్నారు. మినిట్స్‌లో "షరతుతో ఆమోదం. 1.30కి నిర్ణయం డీబీఏ లీడ్‌ది" అని రాశారు. పొద్దున కస్టమర్ల లావాదేవీలు పడ్డాక రీస్టోర్ చేస్తే అవీ తుడిచిపెట్టుకుపోతాయి కాబట్టి, ఆ తర్వాత రోల్‌బ్యాక్ లేదనీ, అక్కడికక్కడే సరిచేసుకోవాలనీ కింద మరో వాక్యం చేర్చారు.

వెనక్కి వెళ్లడం ఎప్పుడూ క్షేమమే అనుకోకూడదు. అమెరికాలో నైట్ క్యాపిటల్ అనే షేర్ల ట్రేడింగ్ కంపెనీ 2012లో 8 సర్వర్లలో కొత్త ప్రోగ్రాం పెట్టబోయి ఒకదాన్ని మరిచిపోయింది. అందులో ఏళ్ల తరబడి వాడకుండా పడి ఉన్న పాత కోడ్ ఆగస్టు 1న నిద్రలేచి ఆర్డర్ల మీద ఆర్డర్లు పంపింది. కంగారులో ఇంజినీర్లు సరిగ్గా ఉన్న 7 సర్వర్ల నుంచి కొత్త ప్రోగ్రాం తీసేశారు. దాంతో పాత కోడ్ వాటిలోనూ మొదలైంది. సుమారు 45 నిమిషాల్లో తలకెత్తుకున్న షేర్ల వల్ల 46 కోట్ల డాలర్లకు పైగా పోయాయి. ప్రోగ్రాం అన్ని సర్వర్లలో పడిందో లేదో రెండో మనిషి చూడలేదనీ, చూడాలన్న రాతపూర్వక నియమమే లేదనీ తర్వాత అక్కడి మార్కెట్ నియంత్రణ సంస్థ తేల్చింది.

మా మినిట్స్‌లో ఇప్పుడు సర్వర్ల సంఖ్య పక్కన రెండు పేర్లుంటాయి. ఒకటి పెట్టినవారిది, ఇంకొకటి సరిచూసేవారిది. రెండుచోట్లా ఒకే పేరు కనిపిస్తే ఆ మార్పు వచ్చే గురువారానికి వాయిదా.