ఒకే ఊరు, రెండు లెక్కలు

ఫిన్లాండ్‌లోని టోర్నియో, స్వీడన్‌లోని హపరండా పక్కపక్కనే ఉంటాయి. ఒక వీధిలో కూరగాయలు కొని, నడుచుకుంటూ పక్క దేశంలోని ఇంటికి చేరవచ్చు. దాటితే గంట మారుతుంది, డబ్బు మారుతుంది. 1809లో స్వీడన్ ఫిన్లాండ్‌ను రష్యాకు వదులుకున్నప్పుడు సరిహద్దు టోర్నే నది వెంట పడింది. నది ప్రధాన పాయకు పడమటనున్నా టోర్నియో రష్యాకే పోయింది. పోయిన ఊరికి బదులుగా ఇవతలి ఒడ్డున హపరండా ఎదిగింది.

పాలన మాత్రం రెండే. ఎవరి మునిసిపల్ కౌన్సిల్ వారిది, ఎవరి పన్నులు, ఎవరి చట్టాలు వారివి. ఉమ్మడి మేయర్ లేడు. 1987లో ఏర్పాటైన ‘ప్రొవిన్సియా బోత్నియెన్సిస్’ అనే సహకార సంస్థ ద్వారా కొన్ని పనులు కలిపి చేసుకుంటారు. రెండు ఊళ్ల మురుగునీటినీ హపరండా వైపున ఉన్న ఒకే కేంద్రం శుద్ధి చేస్తుంది.

మురుగును కలపగలిగారు కానీ మనుషుల లెక్కను కలపలేరు. స్వీడన్ గణాంక సంస్థకు హపరండా, ఫిన్లాండ్ సంస్థకు టోర్నియో. ఇళ్ల మధ్య దూరం 200 మీటర్లకు మించకుండా అల్లుకుపోయి, కనీసం 200 మంది ఉంటే పట్టణ ప్రాంతమని రెండు దేశాలూ ఒకే తీరుగా నిర్వచిస్తాయి. అయినా ఆ గీతను సరిహద్దు దగ్గరే ఆపేస్తాయి. అందుకే కలిపితే 30 వేల మంది ఉండే ఈ పట్టణం ఏ జాతీయ పట్టికలోనూ ఒకటిగా కనబడదు.

జనాభాలో ఒకరిని రెండుసార్లు లెక్కించే ప్రమాదం తక్కువే. నార్డిక్ దేశాల ఒప్పందం ప్రకారం, కొత్తగా చేరిన దేశం నివాసిగా నమోదు చేసుకుని పాత దేశానికి తెలియజేస్తుంది. అక్కడ పేరు కొట్టేస్తారు.

చిక్కంతా ఉద్యోగాల దగ్గరే. హపరండాలో ఇల్లు, టోర్నియో ఆసుపత్రిలో ఉద్యోగం ఉన్న ఒక నర్సును ఊహించుకోండి. స్వీడన్ ఉద్యోగ గణాంకాలు అక్కడి యజమానులు పంపే జీతాల వివరాల మీద ఆధారపడతాయి. ఆమె జీతమిచ్చేది ఫిన్లాండ్ ఆసుపత్రి కనుక ఆ జాబితాలో ఆమె లేదు. ఫిన్లాండ్ ఉద్యోగ రిజిస్టరేమో తన దేశంలో స్థిరంగా ఉండేవారినే లెక్కిస్తుంది. అక్కడా లేదు. రోజూ డ్యూటీ చేసే మనిషి ఇక్కడ పనిలేనిదానిగా కనబడుతుంది, హపరండా ఉపాధి శాతం నిజానికన్నా తక్కువగా తేలుతుంది. ఆమె శ్రమ విలువ ఫిన్లాండ్ ఉత్పత్తిలో కలిసినా, తలసరి లెక్కలో ఆమె తల స్వీడన్‌దే.

ఇళ్లకు ఫోన్ చేసి అడిగే సర్వేలో ఉద్యోగమున్నవారు ఎక్కువగా, రిజిస్టర్‌లో తక్కువగా వస్తుంటే లోపం ఇక్కడే ఉందని అనుమానించాలి. సరిదిద్దాలంటే రెండు సంస్థలూ వ్యక్తుల రికార్డులను పోల్చుకోవాలి. వ్యక్తిగత సమాచారాన్ని దేశం దాటించడంపై చట్టాల కట్టడి ఉంది కనుక ప్రతిసారీ అనుమతులు కావాలి. అంతవరకూ సరిహద్దు ఊరి ఉపాధి అంకెను చూసి అక్కడి జనం పనిచేయడం లేదని తీర్పు చెప్పడం అన్యాయం.